వికృతి నామ సంవత్సరంలో భూకంపం

పూజ మొదట్లో అయ్యగారు సంకల్పం చెబుతుంటే మనం వెనకాలే గబగబా పలికేస్తాం. ఈసారి నెమ్మదిగా వినండి. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం, ఆ తరవాత ఏటి పేరు, మాసం, తిథి. అది కాలంలో మన చిరునామా.

ఏటి పేర్లు 60. ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి, మళ్లీ ప్రభవ వస్తుంది. మద్రాసు నుంచి మనవాళ్లు గిర్మిట్ మీద ఫిజీకి రావడం మొదలైన 1903 శోభకృత్. 1963 కూడా శోభకృత్, 2023 కూడా. షష్టిపూర్తి చేసేది అందుకే: పుట్టిన ఏటి పేరు తిరిగి వస్తుంది. నేను పుట్టింది సాధారణలో. అది 2030లో వస్తుంది, అప్పటిదాకా నేను చిన్నవాణ్ణే!

మా క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22న మధ్యాహ్నం 12.51కి భూమి కంపించింది. 185 మంది పోయారు. కెథీడ్రల్ శిఖరం కూలింది. ఆ ఏడు ఉగాది ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి ఆ రోజుకింకా వికృతి నామ సంవత్సరమే. "పేరులోనే ఉంది కదా" అన్నారు గుడిలో ఒక పెద్దాయన. నేను ఒప్పుకోలేదు. అంతకు ముందు వికృతి 1950లో వచ్చింది, అప్పుడు ఈ ఊరు కూలలేదు. ఏటి పేరు జోస్యం కాదు.

బడిలో ఒక అబ్బాయి మరోలా అడిగాడు: "టీచర్, లోకం ముగిసిపోతోందా?" వాళ్లింట్లో అందరూ చర్చికి వెళతారు. వాళ్ల కాలం గీతలా ముందుకే సాగుతుంది. సృష్టి ఒక్కసారే, తీర్పు ఒక్కసారే. ముస్లింలు ఎదురుచూసే ఖియామత్ కూడా ఒక్కసారే. అలాంటి లెక్కలో భూకంపం చివరి గుర్తులా కనిపించవచ్చు. కానీ మత్తయి సువార్త 24వ అధ్యాయంలో యేసు భూకంపాల గురించి చెబుతూనే, అవి పురిటి నొప్పుల మొదలు మాత్రమే, అంతం కాదు అంటాడు. ఆ అబ్బాయికి అదే చెప్పాను.

మన లెక్కలో కలియుగం 4,32,000 ఏళ్లు. గడిచినవి ఐదు వేల పైచిలుకు. చివర్లో కల్కి వచ్చినా, ఆ తరవాత మళ్లీ కృతయుగమే. తొందరేమీ లేదు.

అలాగని మనకు అంతం భయం లేదనుకోకండి. ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారు" అనే తెలుగువాళ్లు ఎంతమంది! వీరభోగ వసంతరాయలు వస్తాడని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. అటు చర్చి కాలమూ పూర్తిగా గీత కాదు: క్రిస్మస్, ఈస్టర్ ఏటా తిరిగి వస్తాయి.

అయినా తేడా ఒకచోట కనిపిస్తుంది. ఏవన్ నది ఒడ్డున స్మారక గోడ మీద ఆ 185 పేర్లు చెక్కారు. ఊరు వాళ్లను తలుచుకునేది ఫిబ్రవరి 22నే, తేదీ మారదు. మన ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది, అందుకే తేదీ ఏటా జరుగుతుంది. ఫిబ్రవరి 22న నేను నది దగ్గరికి వెళతాను. మా నాన్న ఆబ్దికానికి మాత్రం పంచాంగం తీస్తాను.