'పని జరుగుతోంది' అనే వాక్యం

ఖాళీ టైంలో పుస్తకాల మీద నాలుగు మాటలు రాసే అలవాటు వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. ఆఫీసు మెయిల్ వచ్చినా సరే, వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఎవరి నెత్తిన పడింది అని చూస్తాను. మామూలు మెయిల్స్ కి ఇది అనవసరం. కానీ "మీరడిగింది మొదటి ఒప్పందంలో లేదు, ఇంత అదనంగా అవుతుంది, మీరు సరేనంటేనే మొదలుపెడతాం" అని క్లయింట్ కి రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ జబ్బు పనికొస్తుంది.

మాది హైదరాబాదులో నలుగురం కలిసి నడిపే చిన్న టీం. విజయవాడలో ఒక హోల్‌సేల్ చీరల వ్యాపారికి ఆర్డర్ల యాప్ చేస్తున్నాం. ఫిక్స్‌డ్ ప్రైస్, సెప్టెంబర్ 12న లైవ్. ఒప్పందంలో 'రిటర్న్స్' అన్న చోట "డిస్పాచ్ కి ముందు ఆర్డర్ మొత్తం రద్దు చేసుకోవడం" అని రాసుంది. ఆగస్టు చివర్లో ఓనర్ గారబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, ఇరవై చీరలు పంపితే రెండు డ్యామేజీ అని వెనక్కొస్తాయి కదా, అది కూడా రిటర్న్స్ లోనే కదా?" అన్నాడు.

వ్యాపారంలో రిటర్న్ అంటే నిజంగా అదే, అతనిది అన్యాయమైన ప్రశ్న కాదు. కానీ పనిగా చూస్తే రెండూ వేరు. డిస్పాచ్ కి ముందు రద్దయితే ఆర్డర్ని కొట్టేస్తే చాలు. ఇన్వాయిస్ వెళ్ళిపోయాక రెండు చీరలు వెనక్కొస్తే, అవి మళ్ళీ అమ్మే స్టాకా, డ్యామేజీ స్టాకా అని తేల్చాలి. దానికి క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఆ నోట్ కి సొంత వరుస నంబరు ఉండాలి, పాత ఇన్వాయిస్ నంబరూ తేదీ ఉండాలి. కొన్నవాళ్ళు ఆంధ్రాలో ఉంటే పన్ను రెండు భాగాలుగా, ఒడిశాలో ఉంటే ఐజీఎస్టీగా వెనక్కి లెక్కగట్టాలి. మొత్తం పదకొండు రోజుల పని తేలింది: స్టాక్ 2, స్క్రీన్లు 2, క్రెడిట్ నోట్ 4, టెస్టింగ్ 3. రోజుకి 6,000 చొప్పున 66,000, దాని మీద 18 శాతం జీఎస్టీ.

మా టీంలో ఒకమ్మాయి మొదటి డ్రాఫ్ట్ రాసింది:

"నమస్తే సర్. కాల్ లో చర్చించినట్టుగా రిటర్న్స్ మాడ్యూల్ పై పని జరుగుతోంది. ఇది మొదట అనుకున్నదానికంటే కొంచెం పెద్దదని గమనించడం జరిగింది. అదనపు ఖర్చు కావచ్చు. దయచేసి పరిశీలించగలరు."

మర్యాదగానే ఉంది. కానీ "పని జరుగుతోంది" అన్న మాటతోనే అడగాల్సింది అయిపోయింది. జరిగిపోతున్న పనికి అనుమతి ఎందుకు? చదివినాయన హమ్మయ్య అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. 'గమనించడం జరిగింది'లో గమనించింది ఎవరో లేదు. 'కొంచెం' అంటే ఐదు వేలో యాభై వేలో తెలీదు. 'పరిశీలించగలరు' అన్నాక ఆయన పరిశీలిస్తాడు, అంతే. పరిశీలించి ఏం చెయ్యాలో మనం చెప్పలేదు కదా.

(పని ముందు చేసేసి తర్వాత బిల్లు పెడితే చట్టం ఒప్పుకోదా అని అడిగేవాళ్ళుంటారు. కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల అవతలివాళ్ళు లాభం పొందితే పరిహారం ఇవ్వాలనే అంటుంది. కానీ 66 వేల కోసం కోర్టుకెళ్ళే టీం నాకు తెలీదు.)

రెండో డ్రాఫ్ట్ మా పార్ట్‌నర్ ది. "ఒప్పందం నాలుగో పేజీలో స్పష్టంగా ఉన్నప్పటికీ" అని మొదలైంది. అందులో ప్రతి మాటా నిజమే. కాకపోతే ఆ 'ఉన్నప్పటికీ' దగ్గరే ఓనర్ గారు అబద్ధమాడినట్టు తేలిపోతుంది. ఇంక ఆయన డబ్బు గురించి కాదు, పరువు గురించి ఆలోచిస్తాడు. ఒప్పందంలో ఏముందో, ఇప్పుడు ఏం కావాలో రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే చాలు. తేడా ఆయనకే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు, అడిగింది అబ్బాయి, డబ్బులిచ్చేది తండ్రి. అబ్బాయికి వాట్సాప్ చేస్తే బొటనవేలు బొమ్మ వస్తుంది. అది దేనికి ఓకే? చదివానని చెప్పడానికా, డబ్బులిస్తానని చెప్పడానికా? అందుకని మెయిల్ తండ్రి పేరున, అబ్బాయికి కాపీ. చివరికి వెళ్ళింది ఇది:

"నమస్తే సర్. డిస్పాచ్ అయ్యాక కొన్ని చీరలు వెనక్కి వచ్చే సదుపాయం కోసం 66,000 + జీఎస్టీ 11,880 = 77,880 రూపాయలకి మీ అనుమతి కావాలి. ఇప్పటి ఒప్పందంలో ఉన్నది: డిస్పాచ్ కి ముందు ఆర్డర్ మొత్తం రద్దు. కొత్తగా కావాల్సింది: ఇన్వాయిస్ అయ్యాక కొన్ని చీరల రిటర్న్, స్టాక్ సర్దుబాటు, క్రెడిట్ నోట్. దీనికి 11 రోజుల పని, లెక్క కింద ఇచ్చాం.

ఆప్షన్ 1: ఇప్పుడే చేస్తాం. యాప్ సెప్టెంబర్ 12 బదులు 26న లైవ్ అవుతుంది. ఆప్షన్ 2: 12నే లైవ్ చేసి, ఇది దసరా తర్వాత చేస్తాం.

ఆగస్టు 29 లోగా 'ఆప్షన్ 1 ఓకే' లేదా 'ఆప్షన్ 2 ఓకే' అని జవాబివ్వండి. అప్పటికి జవాబు రాకపోతే ఆప్షన్ 2 ప్రకారం వెళ్తాం. మీరు చెప్పేదాకా ఈ భాగం మొదలుపెట్టం. మిగతా పని ఆగదు."

ఆ చివరి రెండు వాక్యాల కోసం మేం గంటసేపు కొట్టుకున్నాం. "మొదలుపెట్టం" అనేది బెదిరింపులా ఉందని ఆ అమ్మాయి వాదన. "మిగతా పని ఆగదు" పక్కనే ఉంటే బెదిరింపు కాదు, సమాచారం అని నా వాదన. జవాబు రాకపోతే ఏమవుతుందన్నది కూడా ఆయనకి నష్టం లేని వైపే ఉండాలి. మౌనాన్ని అంగీకారం కింద లెక్కేసి బిల్లు పెడితే, ఆ బిల్లు ఒక్కసారే వసూలవుతుంది. 29 కూడా ఉత్తుత్తి గడువు కాదు. 30న మొదలుపెడితే 26 దాటిపోతుంది.

మర్నాడు పెద్దాయనే ఫోన్ చేశారు. "బాబూ, టెస్టింగ్ కి మూడు రోజులేంటయ్యా?" లెక్క విడదీసి చూపిస్తే ఈ బాధ తప్పదు, ప్రతి లైను మీదా బేరం ఉంటుంది. అందుకే చాలామంది మొత్తం ఒక్కటే రాస్తారు. కానీ ఆయన తర్వాత అడిగింది ఇది: "ఈ క్రెడిట్ నోట్ నాలుగు రోజులెందుకు? మా అకౌంటెంట్ ట్యాలీలో చేస్తాడుగా."

అది మాకు ఎవరూ చెప్పలేదు. అబ్బాయికీ తెలీదనుకుంటా. యాప్ నుంచి రోజూ రిటర్న్ ల జాబితా వెళ్తే అకౌంటెంట్ కి సరిపోతుందట. నాలుగు రోజులు ఎగిరిపోయాయి, దానితో టెస్టింగ్ లో ఒక రోజు. మిగిలింది ఆరు రోజులు: 36,000, జీఎస్టీతో 42,480, లైవ్ 19న. రోజు రేటు ఒక్క రూపాయి తగ్గలేదు. మొత్తం ఒక్కటే రాసుంటే ఆయన "యాభైకి చెయ్యండి" అనేవారు, అవసరం లేని క్రెడిట్ నోట్ ని మేం నష్టానికి కట్టేవాళ్ళం.

ఫోన్ లో ఒప్పుకున్నారు గానీ, నేను మళ్ళీ మెయిల్ పెట్టాను. ఈసారి ఒక లైను ఎక్కువ: "క్రెడిట్ నోట్ యాప్ లో తయారవదు, మీ అకౌంటెంట్ ట్యాలీలో చేసుకుంటారు." చేసేది రాసినంత వివరంగా చెయ్యనిదీ రాయాలి, నెల తర్వాత గుర్తుండేది 'రిటర్న్స్ చేస్తామన్నారు' అన్న మాటొక్కటే. "ఓకే, 19కి ఇవ్వండి" అని ఆయన నుంచే జవాబొచ్చింది. దాన్ని ఒప్పందం ఉన్న ఫోల్డర్ లోనే పెట్టాం, ఇన్వాయిస్ లో ఆ మెయిల్ తేదీ వేశాం.

ఆ సాయంత్రమే అబ్బాయి వాట్సాప్: "అన్నా, ఆ జాబితా ఎక్సెల్ లో కూడా వస్తుందిగా?"

వస్తుంది. అది అరగంట పని, దానికి మెయిల్ రాయలేదు.