కత్తెర ఒకటే, సిజర్స్ రెండు

శ్రీశైలం రోడ్డు మీది మా కందుకూరులో సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లిషు చెప్తుంటాను. ‘ద న్యూస్ ఆర్ గుడ్’ అని రాయని పిల్లలు తక్కువ. బద్ధకంతో రాసేది కాదది. మన భాషలో వార్తలు ‘వస్తాయి’, పాలు ‘విరుగుతాయి’, నల్లా నీళ్లు ‘వస్తలేవు’. గ్లాసెడైనా చెరువెడైనా నీళ్లు బహువచనమే. ఆ అలవాటుకు తోడు న్యూస్ చివర ‘ఎస్’ కూడా కనబడితే ‘ఆర్’ పెట్టక ఏం చేస్తారు? షేక్స్‌పియర్ కాలంలో ఇంగ్లిషువాళ్లూ ‘దీజ్ న్యూస్’ అన్నవాళ్లే. ఇప్పుడు మాత్రం ‘ఈజ్’ ఒక్కటే.

సిజర్స్ దగ్గర కథ తిరగబడుతుంది. మనకు కత్తెర ఒకటే కాబట్టి ‘వేర్ ఈజ్ ద సిజర్స్’ అంటారు. రెండు బ్లేడ్లు కలిస్తేనే అది పనిముట్టు గనక ఇంగ్లిషులో ‘వేర్ ఆర్’. ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’ అంటే మాత్రం క్రియ పెయిర్ వెంట పోతుంది, ‘ఈజ్’ అవుతుంది. “వాళ్లకు సిజర్స్, మనకు నీళ్లు” అంటే పిల్లలు వెంటనే పట్టేస్తారు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఉద్యోగాలకు దరఖాస్తులు రాసే డిగ్రీ పిల్లల చిక్కు వేరు. క్రైటీరియా గ్రీకు మాట, చివర ‘ఎస్’ లేదు, చూస్తే ఏకవచనంలా ఉంటుంది. ఒకటైతే క్రైటీరియన్, ఎక్కువైతే క్రైటీరియా. ఫినామినన్, ఫినామినా కూడా అంతే. డేటాకు వాడుకలో ‘ఈజ్’ దొరికింది గానీ, క్రైటీరియాకు జాగ్రత్తగా రాసేవాళ్లు ఇంకా ఒప్పుకోరు. మొన్న ఒకమ్మాయి ‘ద ఓన్లీ క్రైటీరియా ఈజ్ ఏజ్’ అని రాసుకొచ్చింది. చూడాల్సింది వయసొక్కటే కదా, అక్కడ క్రైటీరియన్ అని దిద్దాను. “మరి ఎత్తు కూడా అడిగితే సార్?” అంది. అప్పుడు ‘ద క్రైటీరియా ఆర్ ఏజ్ అండ్ హైట్’.