డిసెంబరు 25న పుట్టినవారికి

ప్రియ చదువరీ, మీ సంఘములో క్రిస్మసునాడు పుట్టినవారు ఎవరైన ఉన్నారా? ఒక్కరైన ఉండకపోరు. ఆ దినమున వారిని చూచిన ప్రతివారును ఏమందురో మీకును తెలియును. “ప్రభువు పుట్టిన దినముననే పుట్టినావు, ఎంత ధన్యురాలవమ్మా!” అందురు. మంచి మాటయే. గాని ఆ బిడ్డ ఆ మాటను ఊహ తెలిసిన నాటినుండి ఏటేట వినుచునే యున్నది. అది తన పుట్టుకనుగూర్చిన మాట కాదనియు, పండుగనుగూర్చిన మాటయనియు ఆమెకు ఏడవ ఏటనే తెలిసిపోవును.

తక్కిన పండుగలకు ఈ చిక్కు ఇంతగా లేదు. ఉగాదియు దీపావళియు చంద్రుని బట్టి వచ్చును గనుక ఒక ఏడు పుట్టినరోజుమీద పడినను మరుసటి ఏడు తప్పుకొనును. మన ఈస్టరు పండుగయు అట్టిదే. 2014వ సంవత్సరమున ఈస్టరు ఏప్రిలు 20న వచ్చినది. ఆనాడు పుట్టిన బిడ్డకు మరల ఈస్టరునాడు పుట్టినరోజు వచ్చినది 2025లోనే. నడుమ పది పుట్టినరోజులు ఆ బిడ్డకే మిగిలినవి. సంక్రాంతి సూర్యుని బట్టి జనవరి 14న గాని 15న గాని వచ్చును గనుక అది కొంత బాధించును. క్రిస్మసు మాత్రము ఒక్క దినమైన అటుయిటు జరుగదు. 25న పుట్టినవారికి జీవితకాలమంతయు ఒక్క యేడైనను విడుదల లేదు.

స్కాట్లాండు రచయిత రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్ ఈ బాధను నిజముగా బాధగా ఎంచెను. ఆయన ఆరోగ్యము చెడి సమోవా దీవులలో కాపురముండెను. అచ్చట అమెరికా పక్షమున భూముల తగవులు తీర్చుటకు వచ్చిన హెన్రీ ఐడ్ అను ఉద్యోగికి ఆనీ అను కుమార్తె కలదు. ఆ పిల్ల క్రిస్మసునాడు పుట్టినది. తనకు నిజమైన పుట్టినరోజు లేకపోయెనని ఆమె కొరత. స్టీవెన్సన్ పుట్టినది 1850 నవంబరు 13న. ఆయన 1891లో దస్తావేజు నడకలో, సాక్షుల సంతకములతో ఒక పత్రము వ్రాసి, తనకిక పుట్టినరోజుతో పనిలేని వయస్సు వచ్చినది గనుక తన నవంబరు 13ను ఆనీకి దానమిచ్చుచున్నానని ప్రకటించెను. ఆమె దానిని సరిగా ఆచరింపనియెడల ఆ హక్కు అమెరికా అధ్యక్షునికి పోవునని ఒక షరతు కూడ పెట్టెను! నవ్వులాటయే గాని, ఆ పిల్లకు జరిగిన మేలు నవ్వులాట కాదు. పండుగ ముట్టని కాగితమొకటి, ఆమె పేరిట, ఆమె చేతికి వచ్చినది.

నా మట్టుకు నేను పుట్టినరోజును వేరొక తేదీకి మార్చుటను అంతగా మెచ్చను. పుట్టినది ఏనాడో బిడ్డకు తెలియును. మార్చవలసినది తేదీని కాదు, మాటను.

మాట ఎచ్చట తప్పిపోవుచున్నదో చూడుడి. మొదటిది “జన్మదినము” అను మాటయే. తక్కిన 364 దినములు అది ఎవరిదైన కావచ్చును. డిసెంబరు 25న మన గుడి తోరణములమీదను, బజారు బ్యానరులమీదను “క్రీస్తు జన్మదిన శుభాకాంక్షలు” అని వ్రాసియుండును. ఆ దినమున మీరు ఒక పిల్లకు “జన్మదిన శుభాకాంక్షలు” అని వ్రాసినయెడల ఆమె కన్ను దానిని పండుగ మాటగానే చదివి దాటిపోవును. “పుట్టినరోజు” అని వ్రాయుడి. ఇంటి మాట గనుక అది బ్యానరులకెక్కుట తక్కువ.

రెండవది “కూడ” అను చిన్న మాట. “పండుగ శుభములు, నీ పుట్టినరోజుకు కూడ దీవెనలు” అని వ్రాయుదుము. ఆ “కూడ”తో పుట్టినరోజు పండుగ బండికి వెనుక కట్టిన దూడ యగుచున్నది. “క్రిస్మసు మరియు పుట్టినరోజు” అనుటయు ఇట్టిదే. ఒకే వాక్యములో రెండు పేర్లు వచ్చినప్పుడు పెద్దది చిన్నదానిని మ్రింగును. వాక్యములను విడదీయుట కూడ చాలదు, కాగితములనే విడదీయవలెను.

మూడవది “మీకు” అను మాట. పండుగ శుభములు ఇంటిల్లిపాదికిని చెప్పుదుము గనుక “మీకు” అనగానే అది అందరిదగును. పిల్లలకైతే “నీకు” అని వ్రాయుటతో ఈ చిక్కు తీరును. పెద్దవారిని “నీవు” అనరాదు గదా? అప్పుడు వరుసతో పిలువవలెను. “పెద్దమ్మా, ఈ మాట మీ ఒక్కరికే” అని మొదలుపెట్టినచో “మీరు” అను గౌరవమును నిలుచును, మాటయు ఆమెకే చేరును.

ఇటీవల మా సంఘములోని ఒక పెద్దామె నాచేత ఉత్తరము వ్రాయించుకొన్నది. ఆమె మనుమరాలు హైదరాబాదులో తలిదండ్రులయొద్ద చదువుకొనుచున్నది. ఆ క్రిస్మసుకు ఆ పిల్లకు 12 ఏండ్లు నిండవలసియున్నవి. ఆమె చెప్పినదేమనగా, “అయ్యగారూ, అందరికీ పండుగ వందనములని వ్రాయండి. పిల్ల పుట్టినరోజు కూడ అదే గదా, దానికి కూడ దీవెనలని వ్రాయండి.”

“అమ్మా, పండుగ వందనములు మీ అబ్బాయిగారికి వేరుగా ఒక కార్డుమీద వ్రాసెదను. పిల్లకు వేరుగా వ్రాయుదము. అది పుట్టిన రాత్రి మీరెక్కడ ఉన్నారు?” అని అడిగితిని.

ఆమె నవ్వినది. “ఎక్కడుంటానయ్యగారూ, పొయ్యి దగ్గర. అరిసెలకు పాకము పట్టుచున్నాను. కోడలికి నొప్పులు వచ్చినవని కేక వేసినారు. పాకము అట్లే వదలి ఆసుపత్రికి పరుగెత్తినాను. తెల్లవారి వచ్చి చూచితే గిన్నెలో పాకము రాయి అయినది. గిన్నెయే పగిలినంత పని అయినది.”

“ఈ మాట పిల్లకు ఎప్పుడైన చెప్పినారా?”

“దీనిలో చెప్పుటకేమున్నదయ్యగారూ?”

ప్రియ చదువరీ, ఆ బిడ్డ పుట్టినరోజుమాట అంతయు ఆ గిన్నెలోనే యున్నది. మేము వ్రాసిన ఉత్తరము ఇది:

“అమ్మలూ, నీకు 12 ఏండ్లు నిండినవి. నీవు పుట్టిన రాత్రి నేను అరిసెల పాకము పొయ్యిమీద వదలి నీ కోసము ఆసుపత్రికి పరుగెత్తినాను. తిరిగి వచ్చునప్పటికి పాకము రాయి అయినది. ఆ యేడు మన ఇంట అరిసెలు లేవు, నీవు వచ్చినావు. ఈ ఉత్తరము నీకే. నీ పుట్టినరోజుకు నాయనమ్మ ముద్దులు.”

దీనిలో క్రిస్మసు అను మాట లేదు. కావలెననియే విడిచితిమి. పండుగ జాడ పాకములో ఉన్నది, అది చాలును. వయస్సును అంకెలలో వ్రాసితిమి. పండుగకు ఎన్ని ఏండ్లని ఎవరును చెప్పరు, బిడ్డకు మాత్రము చెప్పుదుము. ఆ అంకె ఒక్కటియే ఇది పండుగ మాట కాదని తెలుపును. మొదట దీవెన వాక్యమొకటి చేర్చవలెనని ఆమె కోరినది. పండుగ కార్డులో అట్టివి చాల ఉండును, ఇచ్చట అది చేరినచో మరల కార్డే యగునని చెప్పగా ఒప్పుకొన్నది. లూకా సువార్తలో దూత గొల్లలకు చెప్పిన విధము జ్ఞాపకము తెచ్చుకొనుడి. ఒక శిశువు పుట్టెనని చెప్పి ఊరకుండలేదు. ఏ ఊరో, దేనితో చుట్టబడెనో, ఎచ్చట పరుండెనో చెప్పెను. ఆ గురుతులు లేనియెడల బేత్లెహేములో ఏ ఇంటి తలుపు తట్టుదురు?

కవరుమీద తండ్రి పేరు వ్రాయక పిల్ల పేరే వ్రాసి, క్రింద “24వ తేదీ సాయంకాలము విప్పుము” అని చేర్చితిమి. పండుగ కార్డులన్నియు ఒక్కసారి వచ్చి గుట్టపడును గనుక వారము ముందే, 18వ తేదీన, తపాలాలో వేసితిమి. 24 సాయంకాలము ఏలయనగా, 25 ఉదయమున ఇల్లంతయు ఆరాధనకు బయలుదేరుచుండును, మధ్యాహ్నము బంధువులు వత్తురు, రాత్రికి పిల్ల నిద్రపోవును.

ఉత్తరము వ్రాయక సెల్లు ఫోనులో సందేశము పంపువారికి ఒక మాట. ఆ ఉదయమున నక్షత్రముల బొమ్మలు, గంటల బొమ్మలు వందలుగా వచ్చి పడును. తెరమీద మొదట కనబడునది మొదటి నాలుగైదు మాటలే. కాబట్టి ఆ మాటలలోనే పేరును, “పుట్టినరోజు” అను మాటయు, నిండిన ఏండ్లును రావలెను. బొమ్మ పంపకుడి. బొమ్మ ఎంత అందమైనదైనను గుంపులో కలిసిపోవును. అంతకంటె ఫోనుచేసి ఒక్క నిమిషము మాటలాడుట మేలు, అయితే ఆ పిలుపులో పండుగ ఊసు ఎత్తకుడి. దానికి మరల పిలువవచ్చును.

గుడిలోను ఇట్లే చేయవచ్చును. పుట్టినరోజు కానుక తెచ్చినవారిని క్రిస్మసు ఆరాధన చివర, అందరును చేతులు కలుపుకొని శుభములు చెప్పుకొను సందడిలో ముందుకు పిలిచినచో ఆ పేరు ఎవరికిని వినబడదు. నేను మొదటి కీర్తన కాగానే పిలుతును. ప్రార్థనలో “ప్రభువు జన్మించిన దినమున జన్మించిన” అను మాట పలుకను. చదువుకొను పిల్లయైతే దాని చదువును, రైతైతే ఆ యేటి పంటను పేరెత్తి ప్రార్థింతును. రెండు నిమిషములు పట్టును.

ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. మన పల్లెలలోని వృద్ధులలో కొందరు “క్రిస్మసు నాళ్లలో పుట్టితిని” అని తల్లి చెప్పిన మాటను బట్టి 25 అని వ్రాయించుకొన్నవారు. వారికి ఆ తేదీ నిజమైన పుట్టినరోజు కాకపోవచ్చును, దానిమీద వారికి మమకారమును ఉండకపోవచ్చును. అట్టివారికి పుట్టినరోజు మాట పంపకముందు కొడుకునో కోడలినో అడుగుడి. ఆ తేదీననే భర్తనో బిడ్డనో పోగొట్టుకొన్నవారు ఉందురు. వారికి వ్రాయకుడి, వెళ్లి కొంతసేపు కూర్చుండుడి.

ఇక దగ్గరి పరిచయము లేనివారికి, పాకము కథ ఏదియు మీకు తెలియనివారికి, ఏమి వ్రాయవలెను? కథ కల్పింపకుడి. “దానయ్యగారూ, ఈ రోజుతో మీకు 60 నిండినవని మీ అమ్మాయి చెప్పినది. మీ పుట్టినరోజు తలచుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను” అని వ్రాసి సంతకము చేయుడి. పండుగ కార్డు వేరొక కవరులో వెళ్లవలెను, అదియు ఒకటి రెండు దినములు ముందో వెనుకో.