బియ్యపు సొరుగు: కొలత నుంచి తనిఖీ దాకా

హైదరాబాదులోనో విజయవాడలోనో వంటింటి అల్మర చేయించుకునే కుటుంబానికి వడ్రంగి చాలావరకు ఇంట్లోనే ఉండి పని చేస్తాడు కనుక, గోడ వంకరగా ఉంటే పలకను అక్కడికక్కడే చెక్కి సరిపెట్టడం, ఇంటావిడ వచ్చి చూసి అర ఎత్తు మార్చమంటే మార్చడం పనిలో భాగంగానే సాగిపోతాయి. డాలస్ శివారులో స్థిరపడిన తెలుగు కుటుంబం అదే అల్మరను స్థానిక వడ్రంగికి అప్పగించినప్పుడు, అతడు ఒకసారి వచ్చి చూసి, తన షాపులో కోసి, జోడించి, రంగు వేసి, చివరికి బిగించడానికి మాత్రమే ఇంటికి వస్తాడు. కాబట్టి మన ఊళ్లో కళ్లెదుట తేలిపోయే ప్రతి సంగతీ ఇక్కడ కోత మొదలవకముందే కాగితం మీద తేలాలి.

వంటింట్లో రెండు గోడల మధ్య ఉన్న ఖాళీలో రెండు సొరుగుల అల్మర పెట్టించడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పై సొరుగులో పిండి రుబ్బే గ్రైండరు ఉంటుంది, కింది సొరుగులో బియ్యం, గోధుమపిండి, పప్పులు ఉంటాయి. ఇటువంటి పనిలో గృహస్థులు సాధారణంగా ముందు అల్మర కొలతలు ఇచ్చి, ఛానెళ్లు, పిడులు వంటి సామాను ఎంపికను చివరికి వదిలేస్తారు. సొరుగు ముందుకూ వెనక్కూ జరగడానికి రెండు పక్కలా బిగించే లోహపు పట్టాలే ఛానెళ్లు. సొరుగు పెట్టె వెడల్పును నిర్ణయించేవి అవే కనుక ఎంపిక వాటితోనే మొదలుకావాలి.

ఛానెల్ ఎంపికకు ముందు బరువు లెక్క కావాలి. అమెరికాలోని భారతీయ కిరాణా దుకాణాల్లో బియ్యం 20 పౌండ్ల సంచుల్లో దొరుకుతుంది. అటువంటి సంచులు రెండు, అంతే బరువున్న గోధుమపిండి సంచి ఒకటి, పప్పులన్నీ కలిపి మరో 20 పౌండ్లు అనుకుంటే సరుకే 80 పౌండ్లవుతుంది, దానికి చెక్క పెట్టె బరువు సుమారు 20 పౌండ్లు కలిపితే మొత్తం 100. ఇళ్లలో ఎక్కువగా వాడే పక్క ఛానెళ్లకు తయారీదారు చెప్పే మోత హద్దు కూడా తరచు 100 పౌండ్లే, అదీ జతకు కలిపి చెప్పిన హద్దు. పైగా సొరుగు వెడల్పు పెరిగితే కొన్ని రకాల్లో ఆ హద్దు తగ్గుతుంది. కనుక కింది సొరుగుకు పై తరగతి ఛానెల్ తీసుకోవడమే క్షేమం. అయితే మామూలు ఛానెల్‌కు పెట్టెకూ అల్మర పక్క పలకకూ నడుమ ఒక్కో వైపు అర అంగుళం ఖాళీ చాలుతుండగా, ఎక్కువ బరువు మోసే వాటిలో కొన్నింటికి ముప్పావు అంగుళం కావాలి. పెట్టె కోసిన తరువాత ఛానెల్ మారిస్తే ఆ పెట్టె పనికిరాకుండా పోయేది ఇందువల్లనే. ఛానెళ్లను ముందే కొని, వాటి కొలతల కాగితంతో సహా వడ్రంగి చేతికి ఇవ్వడం మంచిది.

తరువాత గోడల కొలత. ఇక్కడి ఇళ్లలో గోడ అంటే చెక్క నిలువుబద్దల మీద బిగించిన జిప్సం పలక. మూలల్లో ఆ పలకల అతుకులు కనబడకుండా కాగితపు పట్టీ వేసి, పైన పూత పదార్థాన్ని పొరలుగా మెత్తుతారు కనుక మూల దగ్గర గోడ కొంచెం ఉబ్బి, ఖాళీ వెనక భాగంలో ఇరుకవుతుంది. అందుచేత వెడల్పును కింద, నడుమ, పైన, ఈ మూడు చోట్లా ముందువైపూ వెనకవైపూ కొలిచి, అన్నిటిలోకీ చిన్నదాన్ని తీసుకోవాలి. ఆ చిన్న కొలత 36 అంగుళాలైతే అల్మర బయటి వెడల్పు 35 అంగుళాలు పెట్టి, రెండు పక్కలా మిగిలే అర అంగుళాన్ని గోడ వంకరకు తగ్గట్టు చెక్కి బిగించే సన్నని పట్టీతో మూయించాలి. గోడకు పూర్తిగా ఒత్తుకునేలా అల్మర చేయమనడం చూపుకు ఆకర్షణగా ఉంటుంది కానీ, అది బిగించే రోజున పక్క పలకల్ని లోపలికి నొక్కి సొరుగుల్ని పట్టేయిస్తుంది.

లోపలి వెడల్పు లెక్కలో మరో చిక్కు ఉంది. ముప్పావు అంగుళం పేరుతో అమ్మే ప్లైవుడ్ అసలు మందం తరచు అంగుళంలో 32 వంతులకు 23 మాత్రమే. రెండు పక్క పలకల మందం పోగా లోపల మిగిలేది 33 1/2 కాదు, 33 9/16 అంగుళాలు. తేడా వీసమే, అంటే 16వ వంతే. కానీ పక్క ఛానెల్ ఒక్కో వైపు అర అంగుళం మీద 32వ వంతు ఎక్కువను మాత్రమే ఓర్చుకుంటుంది, తక్కువను అసలు ఓర్వదు. పేరులోని మందాన్ని నమ్మి పెట్టెను 32 1/2 అంగుళాలకు కోస్తే ఆ ఓర్పంతా అక్కడే ఖర్చైపోయి, బిగింపులో వచ్చే చిన్న తేడాకు కూడా చోటు మిగలదు. అర అంగుళం ఛానెల్‌కు సరైన పెట్టె వెడల్పు 32 9/16, ముప్పావు అంగుళం ఛానెల్‌కు 32 1/16.

ఈ కొలతలన్నిటినీ వడ్రంగికి గీసి ఇచ్చే పటం కళాత్మకంగా ఉండనవసరం లేదు. పైనుంచి చూసిన ప్లాన్, ఎదురుగా చూసిన ఎలివేషన్, నిలువుగా కోసి చూపినట్టుండే సెక్షన్ చాలు. ప్రతి కొలత పక్కనా అది గోడల మధ్య ఖాళీదా, అల్మర బయటిదా, లోపలిదా అన్నది రాయాలి. ఇది లేకపోవడం వల్ల కలిగే నష్టం కొలత తప్పడం వల్ల కలిగే నష్టానికి తీసిపోదు. గ్రైండరు ఎత్తును మూతతో సహా కొలిచి సెక్షన్‌లో గీయాలి, ఎందుకంటే ఇడ్లీపిండి రుబ్బే యంత్రాన్ని స్థానిక వడ్రంగి చూసి ఉండకపోవచ్చు. సొరుగు అడుగు పలకకు పావు అంగుళం ప్లైవుడ్ బియ్యం బరువుకు కుంగుతుంది. అర అంగుళం పలకను పక్కల్లో గాడి తీసి దూర్చాలనీ, కింద నుంచి పిన్నులు కొట్టి సరిపెట్టరాదనీ పటం మీదే ఉండాలి. గ్రైండరు తడి తగిలే పై సొరుగులో ప్లైవుడ్ కోత అంచులన్నిటికీ, కనబడని వాటికి కూడా, పూత వేయమని చెప్పాలి.

పని పూర్తయ్యాక తనిఖీ ఖాళీ సొరుగుతో మొదలవుతుంది. పెట్టెను బయటికి తీసి మూల నుంచి ఎదుటి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. 32 9/16 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల లోతు ఉన్న పెట్టెకు రెండూ 38 3/4 దగ్గర ఉండాలి. రెంటికీ తేడా వీసం దాటితే పెట్టె మూలమట్టంలో లేదని అర్థం, మూసేటప్పుడు ముందు పలక ఒక పక్క ముందుగా తగలడం దాని లక్షణం. సొరుగు మొదటినుంచీ చివరిదాకా బిగుతుగా నడిస్తే పెట్టె వెడల్పు ఎక్కువైనట్టు. చివరి కొద్దిపాటి దూరంలోనే బిగిస్తే అల్మర వెనకభాగం ఇరుకైనట్టు. తెరిచినప్పుడు పక్కలకు ఊగితే పెట్టె చిన్నదైనట్టు. చిన్న పెట్టెకు ఛానెల్ వెనక పల్చని పట్టీ పెట్టి సర్దవచ్చు కానీ, పెద్దదాన్ని విప్పి మళ్లీ చేయవలసిందే.

ఆ తరువాత కింది సొరుగులో అసలు సంచుల్నే పెట్టి, రాత్రంతా ఉంచి, మర్నాడు ముందు పలకల మధ్య సందును పక్క నుంచి పక్కకు చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు సమంగా ఉన్న సందు బరువుతో ఒక వైపు మాత్రమే విచ్చుకుంటే ఆ వైపు ఛానెల్ మరలను టార్చి వేసి పరిశీలించాలి. మరలు కొన్ని రంధ్రాలకే వేసి ఉంటే మిగిలినవాటికీ వేయించాలి. అడుగు పలక నడుమ దిగినట్టుంటే, దాని మందాన్ని కొలిచి పటంతో పోల్చాలి. ఇలా తేలిన లోపాలను రెండుగా విడదీయడం న్యాయం: మర తిప్పి సర్దగలిగేవి ఆ రోజే సర్దించుకోవాలి, మళ్లీ కోయవలసినవి రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఈ జాబితాను ఇక్కడి పనివారు పంచ్ లిస్ట్ అంటారు. చివరి విడత డబ్బు దానికి ముడిపడి ఉంటుందని ఒప్పందంలోనే రాసుకున్నప్పుడు, వడ్రంగి కూడా దాన్ని అవమానంగా తీసుకోడు; ముందు పలకనూ ఛానెళ్లనూ ఇంట్లోనే ఉంచి, సరిపడని పెట్టెను మాత్రం షాపుకు తీసుకువెళ్తాడు.