చెవితో నింపే ఫారం

పద్యమైనా కథైనా పైకి చదివితే తప్ప తేలని లోపాలు కొన్ని ఉంటాయి. వెబ్ ఫారాలకీ అంతే. కాకపోతే ఇక్కడ పైకి చదివేది మనం కాదు, స్క్రీన్ రీడర్. తెర మీద ఉన్నదాన్ని చూపు లేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనేది ఉచితంగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు మొదలుపెట్టారు, వాళ్ళిద్దరికీ చూపు లేదు. నేను రోజూ వాడే పరీక్షల జాబితా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈమధ్య ఒక ఉపకారవేతనం దరఖాస్తు ఫారం నా దగ్గరికి వచ్చింది. తెలుగులో ఉంది, పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు, జిల్లా, ఆఖర్న ‘సమర్పించు’ బటను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆటోమేటిక్ పరీక్షా పరికరం నూటికి తొంభై పైనే మార్కులు వేసింది. ఆ మార్కుల్ని నేను పెద్దగా పట్టించుకోను. పెట్టెకి పేరు ఉందా లేదా అని అది చెప్పగలదు గానీ, ఆ పేరు వింటే మనిషికి అర్థమవుతుందా అని చెప్పలేదు.

జాబితాలో మొదటి పని స్క్రీన్ రీడర్ కాదు, కీబోర్డు. మౌస్ పక్కన పెట్టేసి, ట్యాబ్ కొడుతూ పైనుంచి కిందికి, షిఫ్ట్ పట్టుకుని కిందినుంచి పైకి రావాలి. ప్రతి మెట్టులోనూ అడగాల్సింది ఒక్కటే: ఇప్పుడు నేనెక్కడున్నాను? పెట్టె చుట్టూ గీత కనపడాలి. చాలామంది డిజైనర్లకి ఆ గీత నచ్చదు, `outline: none` అని రాసి చెరిపేస్తారు. దాని బదులు ఇంకో గుర్తు పెట్టకపోతే చూపున్నవాడు కూడా తప్పిపోతాడు.

మన ఫారంలో గీత బాగానే ఉంది. కానీ మొబైల్ నంబరు తర్వాత ట్యాబ్ కొడితే నేరుగా ‘సమర్పించు’కి దూకింది. జిల్లా ఏమైనట్టు? అది అందంగా ఉండాలని మామూలు `select` వదిలేసి `div`లతో కట్టారు, క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. బ్రౌజరు దృష్టిలో అది వట్టి గోడ, తలుపు కాదు. `tabindex`, బాణం కీలు, ఎస్కేప్ కీ, అన్నీ మనమే రాసుకుంటే గోడకి తలుపు పెట్టచ్చు. తెలంగాణ 33 జిల్లాల జాబితా కోసం అంత వడ్రంగం ఎందుకండీ? `select` పెడితే అవన్నీ ఊరికే వస్తాయి. అదే చెప్పాను, అరగంటలో మార్చారు.

ఇక చెవి వంతు. ఎన్‌వీడీఏలో రెండు పద్ధతులున్నాయని పరీక్షించేవాళ్ళకి తెలిసి ఉండాలి. పేజీ చదివేటప్పుడు బాణం కీలతో వరసగా అన్నీ వినచ్చు. ఫారం పెట్టెలోకి వెళ్ళగానే అది పద్ధతి మారుస్తుంది, చిన్న చప్పుడు చేసి మరీ మారుస్తుంది. అప్పట్నుంచి కీలన్నీ పెట్టెలోకే వెళ్తాయి. నింపేవాళ్ళు ట్యాబ్ కొడుతూ పెట్టె నుంచి పెట్టెకి పోతారు, మధ్యలో ఉన్న మామూలు వాక్యాలు వాళ్ళ చెవిన పడవు.

ఇక్కడే ఈ ఫారం అసలు గుట్టు బయటపడింది. పేరు పెట్టె కింద ‘పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి’ అని చిన్న అక్షరాల్లో ఉంది. అలా రాయకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు కూడా. మా టీంలో చూపు లేని సహోద్యోగి ఒకాయన ఉన్నారు, ఈ ఫారం ఆయన చేత నింపించాను. ‘పూర్తి పేరు, ఎడిట్’ అని మాత్రమే వినిపించింది, ఆయన మామూలుగా రాసుకునే పేరు రాసేసి ముందుకెళ్ళిపోయారు. “మెమో సంగతి ఎవరు చెప్పారండీ నాకు?” అన్నారు తర్వాత. ఎవరూ చెప్పలేదు మరి. వాక్యం పేజీలో ఉంది, పెట్టెకి మాత్రం చుట్టం కాదు.

ఆ చుట్టరికం కలపడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు:

```html
<label for="peru">పూర్తి పేరు</label>
<input id="peru" aria-required="true"
       aria-describedby="peru-err peru-help">
<p id="peru-err"></p>
<p id="peru-help">పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి.</p>
```

`label` పెట్టెకి పేరు పెడుతుంది, `aria-describedby` వివరణ తగిలిస్తుంది. పేరు ముందు, వివరణ తర్వాత వినిపిస్తాయి. వివరణలు రెండుంటే, రాసిన వరసలోనే వస్తాయి. తప్పు సంగతి ముందు వినాలి కాబట్టి `peru-err` ముందు పెట్టాం.

తప్పుల దగ్గర ఇంకో తమాషా జరిగింది. పేరు ఖాళీగా వదిలేసి ‘సమర్పించు’ కొడితే ఎన్‌వీడీఏ ఏమీ పలకలేదు. తెర మీద మాత్రం పెట్టె చుట్టూ ఎర్ర గీత, పైన ‘ఎర్రగా ఉన్నవి సరిచేయండి’ అని ఒక మాట. సహోద్యోగి మళ్ళీ కొట్టారు, మళ్ళీ నిశ్శబ్దం. దరఖాస్తు వెళ్ళిపోయిందనుకున్నారు. పై వాక్యం చదివి వినిపిస్తే, “ఎరుపు ఎలా వినపడుతుందో మీరే చెప్పాలి బాబూ” అని నవ్వారు.

బ్రౌజరే ఖాళీ పెట్టెల్ని పట్టుకుంటుంది కదా అనచ్చు. పట్టుకుంటుంది, కానీ ఆ హెచ్చరిక బ్రౌజరు భాషలో వస్తుంది. తెలుగు ఫారం మధ్యలో ఇంగ్లిషు బుడగ ఎందుకని ఈ టీం `novalidate` పెట్టి దాన్ని ఆపేసింది. సబబే. అయితే బ్రౌజరు చేస్తున్న పని కూడా మనమే చెయ్యాలి కదా: తప్పున్న మొదటి పెట్టెలోకి కర్సర్ తీసుకెళ్ళడం, ఆ పెట్టెకి `aria-invalid="true"` తగిలించడం, `peru-err`లో ‘పేరు ఖాళీగా ఉంది’ అని మాటల్లో రాయడం. ఇవి చేశాక మళ్ళీ విన్నాం: ‘పూర్తి పేరు, ఎడిట్, రిక్వైర్డ్, ఇన్వాలిడ్ ఎంట్రీ, పేరు ఖాళీగా ఉంది, పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి’. వినసొంపుగా లేదు గానీ ఏం చెయ్యాలో తెలుస్తోంది.

దీనికి ఎదురు లోపం కూడా ఉంది, అతివాగుడు. మొబైల్ నంబరు పెట్టెకి ఎవరో ఉత్సాహంగా `role="alert"` పెట్టారు. ప్రతి అంకెకీ ‘10 అంకెలు ఉండాలి’ అని అరుస్తుంది. నాలుగో అంకె కొట్టేసరికి ఏ అంకె కొట్టామో మర్చిపోతాం. పెట్టె దాటాక తనిఖీ చేస్తే చాలు.

తెలుగు ఫారాలకి ముఖ్యంగా అవసరమయ్యే పరీక్ష ఒకటుంది, ఇంగ్లిషు జాబితాల్లో దానికి ఒక్క వాక్యం మించి ఉండదు. పేజీ మొదట్లో `lang="te"` ఉందా చూడాలి. అరువు తెచ్చుకున్న టెంప్లేట్లలో `lang="en"` అలాగే మిగిలిపోతుంది. అప్పుడు ఇంగ్లిషు గొంతు తెలుగు చదవబోయి నీళ్ళు నములుతుంది, తెలుగు రాని గొంతైతే ఒక్కోసారి వాక్యాన్ని మొత్తం మింగేస్తుంది. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ తెలుగు పలుకుతుంది, యాస కాస్త మరమనిషిదే అయినా. భాష ఏదో పేజీ చెప్తేనే గొంతు మారుతుంది.

కళ్ళున్న పరీక్షకులకి ఒక ఇబ్బంది ఉంది. ఎంత వద్దనుకున్నా కన్ను ముందే చదివేస్తుంది, చెవికి అందనిది కూడా అందినట్టే అనిపిస్తుంది. అందుకే నేను ఆఖరి విడత మానిటర్ ఆపేసి చేస్తాను. ఈ ఫారం అలా మొదలునుంచి చివరిదాకా నింపడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టింది, సహోద్యోగికి మూడు.

ఇంతా చేసి మేం తేల్చింది విండోస్‌లో, ఒక్క బ్రౌజరులో, ఎన్‌వీడీఏతో ఈ ఫారం నింపచ్చని. దరఖాస్తు చేసే పిల్లల్లో చాలామంది చేతుల్లో ఉండేది ఆండ్రాయిడ్ ఫోను. అందులో టాక్‌బ్యాక్ ఉంటుంది, ట్యాబ్ ఉండదు, వేలితో పక్కకి తోస్తూ పోవాలి. తోస్తే మధ్యలో వాక్యాలు కూడా వినపడతాయి కాబట్టి మెమో గొడవ అక్కడ ఇంత ఉండకపోవచ్చు. పుట్టిన తేదీ క్యాలెండరు మాత్రం అక్కడ ఒక్కో నెలా వెనక్కి తోసుకుంటూ 2007 దాకా వెళ్ళమంటోంది. దాన్ని తీసేసి రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు పెట్టెలు పెట్టమని రాశాను. డిజైనరు ఇంకా ఒప్పుకోలేదు.