మేం మింగేశామన్న ఆ 'ట్' ఎక్కడికి పోయింది?



పోస్ట్ కాస్త పెద్దది. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మా రూంలో నలుగురం ఉంటాం. ఇద్దరు కోయ, ఒకడు సవర, ఒకడు కొండదొర. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, ఇప్పుడు డిగ్రీలో ఇంగ్లీషు. మొన్న స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో మాలో ఒకడు లేచి "లాస్ట్ మంత్" అనబోయి "లాస్ మంత్" అన్నాడు. సార్ ఆపేసి, "మీ ఏజెన్సీ పిల్లలతో ఇదే గొడవ, అక్షరాలు మింగేస్తారు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడు క్లాసులో నోరు తెరవడం మానేశాడు. నెల దాటింది, మేం ఎంత చెప్పినా లేవట్లేదు.

మా సీనియర్ అన్న ఒకాయన లింగ్విస్టిక్స్‌లో పీజీ చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాం. ఆయన నవ్వలేదు. "వాడు ఆ 'ట్' నిజంగా మింగాడో, లేక నోట్లో పలికినా మీ చెవికి అందలేదో ఎవరైనా చూశారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నే మాకు ఆర్టిక్యులేటరీ ఫొనాలజీ అనే దారి చూపించింది. మాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాం.

మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది ఏంటి? మాట అంటే అక్షరాల వరుస. పూసల దండలాగా ఒకదాని తర్వాత ఒకటి. దండలో ఒక పూస కనపడకపోతే అది పోయినట్టే కదా. అమెరికాలో న్యూ హేవెన్ ఊళ్లో హాస్కిన్స్ లాబొరేటరీస్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడ పనిచేసిన కేథరిన్ బ్రౌమన్, లూయిస్ గోల్డ్‌స్టైన్ 1986 నుంచి రాసిన వ్యాసాల్లో ఈ పూసల లెక్కనే మార్చారు. మాటకు మూలం పూస కాదు, నోటి కదలిక అన్నారు. వాళ్లు దాన్ని జెశ్చర్ అంటారు, మేం కదలిక అనే రాస్తాం. పెదవులు మూసుకోవడం ఒక కదలిక. నాలుక కొన పైకి లేచి తగలడం ఒకటి. నాలుక వెనక భాగం లేవడం ఇంకొకటి. ముక్కులోకి గాలి వెళ్లే దారి తెరవడం మరొకటి. గొంతులో చేసే పని వేరే. ప్రతి కదలికకూ మొదలు, చివర ఉంటాయి. అంటే కొంతసేపు నడుస్తుంది. అది నడుస్తుండగానే ఇంకో కదలిక మొదలు కావచ్చు.

దీన్ని ఇప్పుడే చేసి చూడొచ్చు. ముక్కు గట్టిగా మూసుకుని "మామ" అనండి. "బాబ" లాగా వినిపిస్తుంది. రాతలో మ, బ రెండు వేరే అక్షరాలు. నోట్లో మాత్రం రెంటికీ పెదవులు చేసే పని ఒకటే. 'మ' అన్నప్పుడు దాంతోపాటు ముక్కు దారి కూడా తెరుచుకుంటుంది, అంతే తేడా. అంటే ఒక్క అక్షరం అనుకున్నది లోపల రెండు మూడు కదలికల జట్టు.

మాకు అర్థం కావడానికి అన్న థింసా ఆట గుర్తు చేశాడు. డప్పు ఒకరు కొడతారు, తుడుం ఒకరు, పిల్లనగ్రోవి ఇంకొకరు. ఎవరి వరస వాళ్లది. అన్నీ ఒకేసారి నడుస్తాయి. డప్పు జోరందుకున్నప్పుడు పిల్లనగ్రోవి మనకు వినపడదు. వినపడనంత మాత్రాన ఊదేవాడు ఆపేశాడని అర్థమా? దగ్గరికెళ్లి చూస్తే వాడి వేళ్లు కదులుతూనే ఉంటాయి.

ఇక అసలు సంగతి. 1990లో బ్రౌమన్, గోల్డ్‌స్టైన్ ఒక వ్యాసంలో చూపించిన ఉదాహరణ "పర్ఫెక్ట్ మెమరీ" అనే మాట. చూడండి, మావాడి "లాస్ట్ మంత్" లాంటిదే. 'ట్' తర్వాత వెంటనే 'మ్'. ఎక్స్‌రే మైక్రోబీమ్ అనే పద్ధతిలో నాలుక మీద, పెదవి మీద చిన్న చిన్న లోహపు గుళికలు అంటించేవారు. సన్నని ఎక్స్‌రే కిరణం మాట్లాడుతున్నంతసేపూ ఆ గుళికల వెంట పోయేది. ఏ గుళిక ఏ క్షణంలో ఎంత లేచిందో గీతలుగా వచ్చేది.

ఆ మనిషి రెండు మాటల్నీ విడివిడిగా, మధ్యలో ఆగి చెప్పినప్పుడు 'ట్' చక్కగా వినిపించింది. ఒక్క ఊపులో "పర్ఫెక్ట్ మెమరీ" అన్నప్పుడు మాత్రం 'ట్' వినపడలేదు. చెవితో రాసుకునేవాడైతే "పర్ఫెక్ మెమరీ" అనే రాస్తాడు. అయితే గీతలు చూస్తే నాలుక కొన మీది గుళిక రెండుసార్లూ పైకి లేచింది. 'ట్' కోసం చేయాల్సిన పని నాలుక చేసింది. అది చెవికి మాత్రం చేరలేదు.

ఎందుకు చేరలేదంటే, 'ట్' మనకు బాగా వినపడేది నాలుక కొన పైన తగిలి వదిలినప్పుడు. వదలగానే గాలి టప్పున బయటికొస్తుంది. విడిగా చెప్పినప్పుడు నాలుక దిగే సమయానికి పెదవులు తెరిచే ఉన్నాయి, గాలి బయటికొచ్చింది, వినిపించింది. గబగబా చెప్పినప్పుడు నాలుక కొన ఇంకా దిగకముందే 'మ్' కోసం పెదవులు మూసుకున్నాయి. బయటి తలుపు వేశాక లోపలి తలుపు తీస్తే చప్పుడు ఎలా వస్తుంది? 'ట్' మొదలు కూడా కప్పబడిపోయింది. దాని ముందున్న 'క్' కోసం లేచిన నాలుక వెనక భాగం ఇంకా దిగకముందే కొన లేచింది. ముందు నుంచి 'క్', వెనక నుంచి 'మ్' కప్పేశాయి. మధ్యలో 'ట్' దుప్పటి కింద పడుకున్నట్టు ఉండిపోయింది.

వాళ్లు దీన్నుంచి చెప్పింది ఇది. తొందరగా, తీరిగ్గా కబుర్లాడినప్పుడు మాట మారడానికి రెండే కారణాలు. కదలికలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కువగా జరగడం ఒకటి, కదలిక చిన్నదైపోవడం రెండోది. 'అక్షరం తీసేయి', 'అక్షరం మార్చు' అనే సూత్రాలు వేరేగా అక్కర్లేదన్నారు.

మా దగ్గర ఎక్స్‌రే ఎక్కడ ఉంటుంది? అన్న పాత పద్ధతి ఒకటి చెప్పాడు. బొగ్గు మెత్తగా పొడి చేసి, కొంచెం వంటనూనెలో కలిపి, నాలుక కొనకు రాసుకోవాలి. మాట ఒక్కసారి అని నోరు తెరిచి ఉంచాలి. చిన్న అద్దం, సెల్ టార్చ్ పెట్టి చూస్తే నాలుక ఎక్కడ తగిలిందో అక్కడ నల్లగా మచ్చ ఉంటుంది. మాట ఎంచుకోవడంలో మొదట తప్పు చేశాం. "పది మంది" తీసుకున్నాం. గబగబా అంటే "పమ్మంది" లాగా వినిపిస్తుంది కదా అని. కానీ "మంది"లో కూడా నాలుక పళ్లకు తగులుతుంది. మచ్చ ఏ 'ద'ది అని ఎలా చెప్తాం? అందుకని "పది పోగా" తీసుకున్నాం. వందలో పది పోగా అంటామే, అది. అందులో నాలుక కొనకు పని ఉన్నది ఒక్క 'ద' దగ్గరే. గబగబా అంటే మిగతా ముగ్గురికీ "పప్పోగా" అనే వినిపించింది. అద్దంలో చూస్తే పైపళ్ల వెనక నల్లటి మచ్చ! రూమంతా అరుపులు. వార్డెన్ గారు వచ్చి మా నల్ల నోళ్లు చూసి ఏమనుకున్నారో ఏమో.

ఒకసారి మాత్రం మచ్చ రాలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాం. పైగా మచ్చ తగిలిందని చెప్తుంది గానీ ఎప్పుడు తగిలిందో చెప్పదు. నోట్లో బొగ్గు పెట్టుకున్నవాడు మామూలుగా కూడా మాట్లాడడు, జాగ్రత్తగా అంటాడు. కాబట్టి మా ప్రయోగం రుజువు కాదు, రుచి చూడడమే.

మచ్చ రాని ఆ ఒక్కసారి సంగతి మీద పెద్దవాళ్ల మధ్య కూడా వాదన ఉంది. కేంబ్రిడ్జ్‌లో ఫ్రాన్సిస్ నోలన్ అనే ఆయన పని 1992లో వచ్చింది. అంగిలికి సరిగ్గా అతికేలా చేసిన పలక, దాని మీద 62 చిన్న ఎలక్ట్రోడ్‌లు. నాలుక తగిలిన చోటల్లా కంప్యూటర్‌కు తెలుస్తుంది, ఏ క్షణంలో తగిలిందో కూడా. మాట చివర 'ట్', 'డ్' లాంటివి వచ్చి తర్వాతి మాట 'క్' తో మొదలైనప్పుడు ఆయన చూశాడు. కొన్నిసార్లు నాలుక కొన పూర్తిగా తగిలింది, కొన్నిసార్లు సగమే తగిలింది, కొన్నిసార్లు అసలు తగల్లేదు. సగం తగిలినవి బ్రౌమన్, గోల్డ్‌స్టైన్ చెప్పినదానికి బాగా సరిపోతాయి. పూసల లెక్కలో సగం పూస ఉండదు కదా. అసలు తగలనివి మాత్రం చిక్కు. కదలిక చిన్నదై చిన్నదై సున్నా అయిందా, లేక మాట్లాడేవాడు దాన్ని వదిలేసి వేరేది పెట్టుకున్నాడా? ఈ వాదన తేలలేదు. అందుకే 'ఎవరూ ఎప్పుడూ ఏమీ మింగరు' అని మేం అనట్లేదు.

ఇంకో మాట. మా సవర తమ్ముడు ఇదంతా విని, "మా భాషలో చాలా మాటలు చివర నోరు మూసి అక్కడే ఆగిపోతాయి, వదలం" అన్నాడు. బయటివాళ్లకు అక్కడ ఏదో తినేసినట్టు వినిపిస్తుందట. వాళ్ల అమ్మ చెవికి మాత్రం అంతా ఉన్నట్టే. వదలడం వినకపోతే పలకనే లేదనుకోవడం అలవాటు మాత్రమేనని మాకు అప్పుడు అర్థమైంది.

మరి మావాడి సంగతి? తప్పంతా చెవిదే అని వెనకేసుకురావడం మాకు ఇష్టం లేదు. మాట రాకపోవడం వేరు, వచ్చిన మాట కప్పబడడం వేరు. తేడా చూడ్డానికి ఎక్స్‌రే అక్కర్లేదు. "లాస్ట్" ఒక్కటే చెప్పమనండి. లేదా వెనక అచ్చు పెట్టి "లాస్ట్ ఆదివారం" అనమనండి. అచ్చుకు పెదవులు మూసుకోవు కాబట్టి 'ట్' వదిలితే వినపడుతుంది. అక్కడ కూడా రాకపోతే ఆ మాటలో 'ట్' ఉందని వాడికి తెలియదు, నేర్పాలి. అక్కడ వచ్చి "లాస్ట్ మంత్"లో మాత్రమే పోతే వాడికి ఆ మాట వచ్చు.

రాత్రి వాడిని కూర్చోబెట్టి అడిగాం. "లాస్ట్" అన్నాడు, 'ట్' ఉంది. "లాస్ట్ ఆదివారం" అన్నాడు, ఉంది. "లాస్ట్ మంత్" అన్నాడు, పోయింది. ఇంకోసారి మెల్లగా అనమంటే మళ్లీ వచ్చింది. వాడే నవ్వాడు. తర్వాతి వారం హాజరు లెక్క చదువుతూ సార్ కూడా "లాస్ మంత్ ఎవరెవరు రాలేదు" అన్నారు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎగతాళికి కాదు. ఆయన నాలుక కూడా లోపల లేచే ఉంటుంది అనుకున్నాం.

ఆ రోజు వాడు చేయెత్తి "ప్రెజెంట్ సార్" అన్నాడు. మాటకు చివర ఉన్న 'ట్' అందరికీ వినిపించింది.

జోహార్.