కాకి ముట్టని ముద్ద, తాళం తీయని గేటు

అన్నలూ అక్కలూ, ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. దెయ్యాల గురించి రాస్తున్నాం కాబట్టి రాత్రి చదివినా పరవాలేదు, భయపెట్టడానికైతే రాయట్లేదు.

మేం నలుగురం రాజమండ్రిలో ఒకే హాస్టల్ రూమ్‌లో ఉంటాం. ఇద్దరిది మారేడుమిల్లి వైపు, ఒకడిది చింతూరు దాటి లోపలికి, ఇంకొకడి ఊరు పోలవరం ముంపులో పోయింది. నాలుగు ఇళ్ళలోనూ కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం మేమే. కరెంటు పోయిన రాత్రి వరండాలో కూర్చుని దెయ్యం కథలు చెప్పుకోవడం ఇక్కడ సీనియర్ల కాలం నుంచీ ఉంది. మా హాస్టల్‌కీ సొంతంగా ఒక దెయ్యం ఉంది. ఎప్పుడో ఒక కుర్రాడు ప్రేమ విఫలమై పెరట్లో మామిడిచెట్టుకి ఉరేసుకున్నాడని, అర్ధరాత్రి తిరుగుతాడని కథ. ఎక్కడ తిరుగుతాడంటే చెప్పేవాడి ఇష్టం. ఒకరోజు బాత్రూంలో, ఒకరోజు మెట్ల మీద, ఒకరోజు మంచం కింద.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు ఈ కథ విని సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు తాగడం మానేశాడు. నీళ్ళు తాగితే రాత్రి బాత్రూంకి వెళ్ళాలి కదా, అందుకు. నెల తిరక్కుండా ఒంటికి మంటతో, జ్వరంతో పడుకున్నాడు. డాక్టరు గారు అడిగితే గానీ అసలు సంగతి బయటికి రాలేదు. మాకు సిగ్గేసింది. "దెయ్యం లేదురా, ఊరికే చెప్పాం" అన్నాం. వాడు నమ్మలేదు. అప్పుడు మాలో ఒకడు, "ఉంది గానీ, అది గేటు దాటి లోపలికి రాలేదు" అన్నాడు. ఆశ్చర్యం ఏంటంటే, ఆ మాటకి వాడు లేచి కూర్చున్నాడు. కాసేపు ఆలోచించి, "ఎందుకు రాలేదు అన్నా?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఇదంతా ఆలోచించాం.

ముందు రేవులో చూసింది చెప్తాం. ఆదివారాలు మేం కోటిలింగాల రేవు వైపు నడుస్తాం. ఒక పొద్దున్న ఒక కుటుంబం తల్లికి కర్మ చేస్తున్నారు. పిండం పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి గానీ కిందికి దిగట్లేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందని ఇక్కడ నమ్మకం. ఇక అందరూ ఆ కోరికేంటో వెతకడం మొదలెట్టారు. కూతురు ముందుకొచ్చి, "నీ గొలుసు చిన్నదానికే ఇస్తామమ్మా" అంది. కాకి రాలేదు. "ఇల్లు అమ్మంలే" అన్నాడు పెద్దకొడుకు. రాలేదు. కొంతసేపయ్యాక వెనకాల ఒక్కడే నిలబడ్డ చిన్నాయన వచ్చి, "అన్నయ్యతో మాట్లాడతానమ్మా" అన్నాడు. అనేసి ఏడ్చేశాడు. అందరూ ఆయన చుట్టూ చేరారు. అప్పుడు వాలింది కాకి. జనం పిండం దగ్గర్నుంచి పక్కకి జరిగారు కాబట్టి వచ్చిందేమో, మాకు తెలీదు. అన్నదమ్ములు మాత్రం ఒకే ఆటోలో వెళ్ళారు.

దెయ్యం కథ మొత్తం ఆ అరగంటలోనే ఉందనిపించింది మాకు. పోయిన మనిషికి ఒక కోరిక మిగిలింది. ఆ మనిషి నోటితో చెప్పలేదు. ఒక గుర్తు ద్వారానే తెలియాలి. తప్పు ఊహిస్తే పని జరగదు. సరైన మాట ఎవరు ఇవ్వాలో వాళ్ళే ఇవ్వాలి. కూతురు ఎంత మంచి మాటిచ్చినా తమ్ముడి బదులు చెల్లలేదు. కోరిక ఉంది కాబట్టి వెతుకులాట ఉంది, నియమం ఉంది కాబట్టి ఆ వెతుకులాటకి వరస ఉంది.

మన ఊళ్ళల్లో ఇది ఇంకోలా ఉంటుంది. మా ఇళ్ళల్లో మామిడి పండగనాడు పెద్దలకి పెట్టందే కొత్త కాయ నోట్లో పెట్టరు. చనిపోయిన తాతకి ఏటా వాటా అందుతుంది. వాటా అందినవాడు దెయ్యమై రాడు, ఇంటి మనిషిగానే ఉంటాడు. అంటే భయపెట్టేది చావు కాదు, బాకీ. తీరిన బాకీకి కథ ఉండదు.

మరి నియమం ఒక్కటే ఉండి, కోరిక తెలియకపోతే? మా అమ్మావాళ్ళ కాలంలో చాలా ఊళ్ళల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. రాత్రి ఒక ఆడ దెయ్యం వచ్చి తలుపు కొడుతుంది, ఆ రాత చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ అదే చదువుతుంది. నియమం ఎంత బాగుందో చూడండి. కానీ ఆవిడ ఎవరు, ఎందుకు వస్తోంది అని అడిగితే తలా ఒక మాట చెప్తారు. అందుకే అది ఊరి నుంచి ఊరికి పుకారులా పాకింది గానీ కథలా ముగియలేదు. రేపు అనేది ఎప్పటికీ రాదు కదా.

ముగింపు నియమంలోనే ఎలా దాగి ఉంటుందో బేతాళుడి కథల్లో చూడొచ్చు. చందమామ పాత సంచికలు దొరికితే చదవండి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవాలి. బేతాళుడు కథ చెప్పి చివర్లో ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెప్తే మౌనం పోతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెండు వైపులా గొయ్యే. కానీ నియమాన్ని మళ్ళీ జాగ్రత్తగా చదివితే ఒక సందు కనిపిస్తుంది. "తెలిసీ" అని ఉంది. నిజంగా తెలియకపోతే? పాత సంస్కృత కథలో ఆఖరుకి జరిగేది అదే. రాజుకి జవాబు తెలియదు, మౌనంగా నడుస్తాడు, తల పగలదు, కథ ముగుస్తుంది. ఆ సందు మొదటి రోజు నుంచీ మన కళ్ళ ముందే ఉంది. మధ్యలో ఏ స్వామీజీనో తెచ్చి కొత్త మంత్రం చెప్పించలేదు.

ఇక మనందరం చూసిన అరుంధతి. 2009లో వచ్చింది. తీసిన కోడి రామకృష్ణ గారు మన పాలకొల్లు మనిషే. అందులో పశుపతిని జేజమ్మ ఎందుకు చంపించదు? చంపితే ప్రేతమై ఇంకా బలం తెచ్చుకుంటాడని. అందుకే బతికుండగానే సమాధి కడతారు. ఈ ఒక్క నియమంతో రెండు పనులు జరిగాయి. వాడు తరాల పాటు అక్కడే ఉండిపోయాడు, సమాధి పగిలే రోజు ఒకటి వస్తుందని మనకీ తెలిసిపోయింది. సినిమా సగం సేపు మనం ఆ గోడ కోసమే భయపడతాం.

రెండోది, పశుపతికి అంత బలం ఉంటే అరుంధతిని మొదటి అరగంటలోనే చంపెయ్యొచ్చు కదా? చంపడు, ఎందుకంటే వాడి కోరిక ఆమెని చంపడం కాదు, సొంతం చేసుకోవడం. ఆ కోరికే వాడి చేతులు కట్టేసింది. చాలా సినిమాలు దెబ్బతినేది ఇక్కడే. దెయ్యం అన్నీ చేయగలదు, హీరో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరికే గాజులు పగలగొడుతుంది. అప్పుడు హాల్లో నవ్వులు వినిపిస్తాయి. నియమం తప్పిందని గుర్తుపట్టడానికి ఆ నవ్వు చాలు.

మూడోది ఆయుధం. జేజమ్మ ప్రాణం ఇచ్చి, తన ఎముకలతో ఆయుధం చేయిస్తుంది. అది చేతికొచ్చినా చాలదు, అరుంధతి రక్తంతో తడవాలి. రేవులో చిన్నాయన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆ బాకీ ఎవరిదో వాళ్ళే తీర్చాలి, వేరేవాళ్ళు తీరిస్తే చెల్లదు.

ఇంత మాట్లాడుకున్నాక మా హాస్టల్ దెయ్యం దగ్గరికి మళ్ళీ వచ్చాం. అది గేటు దాటదని మేం కల్పించాం. ఎందుకు దాటదో చెప్పాలంటే వాడికి ఏం కావాలో తెలియాలి. అది తెలియాలంటే వాడెవడో తెలియాలి. మా వంట మామ్మగారు ఎన్నో ఏళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. వెళ్ళి అడిగాం. గరిట పక్కన పెట్టి మావైపు చూసింది.

"ఉరేసుకోవడమేంట్రా నాయనా? ఎవడు చెప్పాడు? ఆ పిల్లాడికి జొరం. చలిజొరం. రాత్రి ఒణికిపోతుంటే పక్కోళ్ళు మోసుకుని గేటు దాకా వచ్చారు. తాళం వేసుంది. చెవి ఉన్నాయన ఇంటికెళ్ళిపోయాడు. తెల్లార్లూ గేటు కొడతానే ఉన్నారంట. పొద్దున్న బస్సెక్కించి ఊరు పంపేశారు. నాలుగు రోజులకి పోయాడని కబురొచ్చింది."

మేం ఏమీ మాట్లాడలేకపోయాం. కథలో మేం అతన్ని గేటు బయట నిలబెట్టాం, లోపలికి రానివ్వం అన్నాం. అతను లోపలే ఉన్నాడు. బయటికి పోవాలనుకున్నాడు. మామిడిచెట్టు, ప్రేమ, ఉరి, ఇవన్నీ ఎవరు కలిపారో తెలీదు. కానీ అవి కలిపాక తప్పు మొత్తం చచ్చిపోయినవాడి మీదకే వెళ్ళింది. తాళం సంగతి మాయమైంది. బాకీ మార్చేస్తే దెయ్యం కూడా మారిపోతుంది. బాత్రూంలో, మంచం కింద, ఎక్కడపడితే అక్కడ తిరిగే దెయ్యం అవుతుంది. ఎవరి మీదా ఏ బాకీ లేని దెయ్యం. దానికి పిల్లల్ని భయపెట్టడం తప్ప ఇంకో పని లేదు.

తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాం. వాడు విని, "అయితే గేటు తీస్తే వెళ్ళిపోతాడు కదా" అన్నాడు.

మేం అర్జీ రాశాం. రాత్రిపూట ఒక తాళంచెవి పిల్లలకి అందేచోట ఉండాలని. మొదటిసారి కుదరదన్నారు, పిల్లలు సినిమాలకి పోతారన్నారు. రెండోసారి చూద్దాం అన్నారు. మూడోసారి అన్ని రూముల వాళ్ళం సంతకాలు పెట్టి, మామ్మగారి వేలిముద్ర కూడా వేయించి ఇచ్చాం. ఇప్పుడు వంటగది గుమ్మం పక్కన మేకుకి ఒక చెవి వేలాడుతోంది. దాని పక్కన పుస్తకం, ఎవరు ఎన్నింటికి ఎందుకు తీశారో రాయాలి. గోడ మీద 108 అని పెద్దక్షరాలతో రాశాం. ఈ వానాకాలంలో ఆ పుస్తకంలో రెండుసార్లు "జ్వరం" అని పడింది. ఇద్దరూ కోలుకుని క్లాసులకి వస్తున్నారు.

కథ ఇప్పటికీ చెప్పుకుంటాం. ఉరి, మామిడిచెట్టు తీసేశాం. తమ్ముడు చెప్పే కథలో ఆ అన్న రాత్రి వచ్చి మేకు వైపు చూస్తాడు, చెవి ఉంటే వెళ్ళిపోతాడు, లేకపోతే గేటు ఊపుతాడు. వాడు ఇప్పుడు రాత్రి నీళ్ళు తాగుతున్నాడు. పడుకునే ముందు మాత్రం రోజూ వంటగది దాకా వెళ్ళి, చెవి ఉందో లేదో చూసొస్తాడు.

మీ ఊళ్ళో, మీ హాస్టల్లో దెయ్యం కథ ఉంటే కింద రాయండి. రాసే ముందు మీ ఇంటి పెద్దల్నో, వంటవాళ్ళనో ఒకసారి అడగండి. దానికి ఏం కావాలంట, ఎక్కడికి రాలేదంట, ఏం చేస్తే పోతుందంట. మూడింటికీ జవాబు దొరికితే ఎవరి బాకీయో కూడా తెలిసిపోతుంది.